ఐదు వరకూ నడిచి దాటవచ్చు

కృష్ణవేణి రాసిన వాక్యం అబద్ధం కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు బరువు దిగుతుంది, మీకూ అనుమానం ఉండదు. ఆమె చూసిన రోజున అది నూటికి నూరుపాళ్లూ నిజం. ఒక్క రోజు నిజాన్ని పట్టుకొచ్చి ఏడాది పొడుగూతా పరిచేసింది, అదీ ఆవిడ చేసిన పని. మీరూ నేనూ రోజూ చేసేదే. దాని ఫలితం మనకి ఎదురుపడలేదు, ఆవిడకి పడింది.

కాశీబుగ్గ బస్టాండు వెనక వీధిలో, జీడిగింజలు కాల్చే పొగ మధ్యాహ్నం దాకా కమ్ముకుని ఉండే చోట, నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటర్ ఉండేది. అది కృష్ణవేణిది. మొగుడు త్రినాథరావు స్వయానా మేనబావ, పెళ్లిళ్లకి వీడియోలు తీసేవాడు. 2007 కార్తీక పౌర్ణమికి ఇద్దరూ లింగాలరేవు వెళ్లారు. ఉద్దానం కొబ్బరితోటలు దాటుకుని సముద్రం వైపు పోతే ఆ ఊరు వస్తుంది. ఊరి ఇవతల రేవు, మధ్యలో ఉప్పుటేరు, అవతల ఇసుకదిబ్బ మీద శివుడు. కార్తీకంలో ఆ ఊరంతా సత్రాలే, కొట్లే. ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకి జనం చీరలూ పంచెలూ పైకెత్తి పట్టుకుని, నవ్వుకుంటూ ఏరు నడిచి దాటుతున్నారు. మోకాలి లోతు. త్రినాథరావు దాన్ని కెమెరాలో పట్టాడు. తన మొహం కనపడకుండా, గొంతు మాత్రం వినపడేలా వెనక నుంచి కబుర్లు చెప్పాడు.

వ్లాగ్ అనే మాట కాశీబుగ్గకి అప్పటికి రాలేదు. యాత్ర వీడియో అనేవారు. పది నిమిషాల లోపుకి కోసి, నెట్‌లోకి ఎక్కించడానికి ఒక పూటంతా పట్టింది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొచ్చింది. బొమ్మ ఎక్కాక అసలు పని కృష్ణవేణిది: పైన పేరు, కింద వివరం, వెతికేవాళ్లకి దొరికే మాటలు. నెట్ సెంటర్ నడిపే మనిషికి జనం ఏం వెతుకుతారో తెలుసు. గుడి పేరు కొట్టి, పక్కన టైమింగ్స్ అని, పడవ చార్జీ అని, ఎలా వెళ్లాలి అని కొడతారు. అందుకని పేరులోనే ‘లింగాలరేవు: పూర్తి వివరాలు, టైమింగ్స్, పడవ చార్జీ’ అని పెట్టింది. కింద, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగుగా మారే సైటులో ఓపిగ్గా కొట్టి, ఇలా అతికించింది:

‘సాయంత్రం ఐదు వరకూ ఏరు నడిచి దాటవచ్చు, మోకాలి లోతే. పడవకి మనిషికి ఐదు రూపాయలు.’

తేదీ లేదు. తిథి లేదు. ‘ఆ రోజు’ అన్న ముక్క లేదు. అలా రాస్తే నీళ్లు నమిలినట్టు ఉంటుందనుకుంది. ధైర్యంగా చెప్పినదాన్నే జనం నమ్ముతారు, పాపం నమ్మారు కూడా. ఏడాదిలో ఆరువేల మంది చూశారు. ఎవడో మహానుభావుడు ఆ వివరమంతా అక్షరం పొల్లుపోకుండా ఎత్తి తన బ్లాగులో పెట్టుకున్నాడు. కృష్ణవేణి అప్పుడు మురిసిపోయింది.

మరుసటేడు నవంబరు చివర, పదిగంటల వేళ ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, గుండు మీద అప్పుడప్పుడే మొలుస్తున్న వెంట్రుకలు. పేరు అప్పలనరసింహం, ఇచ్ఛాపురంలో తాలూకా ఆఫీసు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడట. జేబులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి బల్ల మీద జాగ్రత్తగా విప్పాడు. తడిసి ఆరిన కాగితం. సిరా పాకిపోయి అక్షరాలు నీలంగా ఉబ్బి ఉన్నాయి. మధ్యలో రెండు వరసలు మాత్రం చక్కగా చదవడానికి వస్తున్నాయి. కృష్ణవేణికి చదవక్కర్లేకపోయింది.

ఆయన నెమ్మదిగానే చెప్పాడు. పౌర్ణమి రద్దీ తగ్గాక వెళ్దామని, అష్టమి నాడు భార్య వరహాలమ్మతో లింగాలరేవు వెళ్లాడు. మేనల్లుడు ఈ కాగితం ప్రింటు తీసిచ్చాడు. రేవులో దిగేసరికి మూడున్నర. పడవ నడిపే తవిటయ్య మనిషికి పదిహేను అడిగాడు, ఇప్పుడు నీళ్లు పోటు మీదున్నాయి, నడవకండి బాబూ అని కూడా చెప్పాడు. ఈయన కాగితం తీసి చూపించాడు. ఇక్కడ ఐదు రూపాయలని ఉంది, నువ్వు పదిహేనంటున్నావు. ఇక్కడ ఐదింటి వరకూ నడవొచ్చని ఉంది, నువ్వు వద్దంటున్నావు. చార్జీలో మోసం చేసేవాడు నీళ్ల విషయంలో నిజమెందుకు చెప్తాడనుకున్నాడు. ముప్ఫై ఏళ్లు ఆఫీసులో కాగితాన్ని నమ్ముకుని బతికిన మనిషి. ఐదింటికి ఇంకా గంటన్నర ఉందని భార్య చెయ్యి పట్టుకుని దిగాడు. మధ్యలో కాళ్ల కింద ఇసుక జారింది.

“సెయ్యి నా సేతిలోనే ఉందనుకున్నానమ్మా” అన్నాడు. “సూసుకుంటే నా సేతిలో కాగితముంది.”

ఆ వార్త పేపరు జిల్లా పేజీలో వచ్చింది, ఆమె చదివింది కూడా. ఇచ్ఛాపురానికి చెందిన వృద్ధురాలు ఉప్పుటేట్లో మృతి, నాలుగు లైన్లు. అయ్యో అనుకుని పేజీ తిప్పేసింది. తన వాక్యానికీ ఆ నాలుగు లైన్లకీ మధ్య ఒక కాగితం తిరిగిందని ఆవిడకి ఎలా తెలుస్తుంది?

ఆయన వచ్చిన పని వేరే. లింగాలరేవు బస్సెక్కేది కాశీబుగ్గలోనే కాబట్టి, బస్టాండు దగ్గర కనపడిన నెట్ సెంటర్‌కి వచ్చాడట. ఇది రాసినవాళ్లు ఎవరో కంప్యూటర్లో చూసి చెప్పమన్నాడు. తిట్టడానికి కాదట, కేసు పెట్టడానికీ కాదట. ఊరికే చూడాలని ఉందట. ఆమె పేజీ తెరిచింది. ‘ఉద్దానం యాత్ర’ అన్న పేరు మాత్రం ఉంది, ఊరూ చిరునామా లేవు. అసలు పేరు ఇక్కడ కనపడదండీ అని చెప్పింది. ఆ మాట కూడా అబద్ధం కాదు చూశారా! ఆయన వీడియో మొత్తం చూశాడు. నవ్వుకుంటూ ఏరు దాటే ఆడవాళ్లని, ఒక్కొక్కరినీ, తెరకి దగ్గరగా వంగి చూశాడు. అరగంటకి డబ్బులిచ్చి, మళ్లీ మంగళవారం పాసింజరుకి వస్తానని వెళ్లిపోయాడు.

ఆ వేళ నుంచి కృష్ణవేణికి గోడ గడియారం శత్రువైంది. నాలుగున్నర దాటితే దానికి వీపు తిప్పి కూర్చునేది. వీడియో కింద చూసినవాళ్ల సంఖ్య పెరిగినప్పుడల్లా ఇంకో జత కాళ్లు నీళ్లలో దిగుతున్నట్టుండేది. కస్టమర్లు కుర్చీ జరిపిన చప్పుడుకి ఉలిక్కిపడేది. బల్ల మీద ఆ కాగితం పెట్టిన చోట ఉప్పు చారలాంటిది మిగిలిపోయింది. తుడిచింది, మళ్లీ కనపడింది. నిజంగా కనపడిందో, తనకే కనపడిందో నన్నడగకండి, ఆవిడనే అడిగితే ఏడ్చింది.

త్రినాథరావుకి చెప్తే ముందు మొహం పాలిపోయింది, తర్వాత కోపమొచ్చింది. వీడియో మొత్తం తీసెయ్ అన్నాడు. తీసేస్తే మనమెవరమో ఎవరికీ తెలీదు, పీడా పోతుంది. ఆమె మీట మీదకి వేలు కూడా తీసుకెళ్లింది. తీసేముందు, అలవాటు కొద్దీ, గుడి పేరు కొట్టి వెతికింది. మొదటిది తన వీడియో. రెండోది ఆ బ్లాగు, అందులో తన వాక్యమే, ఐదు వరకూ నడిచి దాటవచ్చు. తనది తీసేస్తే రెండోది మొదటిదవుతుంది. తను రాసింది తన చెయ్యి దాటిపోయి, తను లేకుండానే బతుకుతోంది. ఆ బ్లాగువాడికి రెండుసార్లు ఉత్తరం రాసింది, ఉలుకూ లేదు పలుకూ లేదు.

అందుకని వీడియో ఉంచి, ఆ రెండు ముక్కలూ మాత్రం చెరిపింది. వివరం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బొమ్మనే మార్చడానికి లేదు, తీసి మళ్లీ ఎక్కిస్తే చిరునామా మారిపోతుంది.

మంగళవారం ఆయన వచ్చాడు. పేజీ తెరవగానే వాక్యం లేదని కనిపెట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

“తీసీసారు” అన్నాడు. “అంటే రాసినోలు ఎక్కడో ఉన్నారమ్మా. ఆలకి తెలిసింది.”

అయినా తీసేస్తే మాత్రం ఏమైందన్నాడు. బొమ్మలో మోకాలి లోతు నీళ్లు కనపడుతూనే ఉన్నాయి, పేరులో ‘టైమింగ్స్’ అని ఉండనే ఉంది. చూసినవాడు అడుగున ఏమీ లేకపోతే బొమ్మనే నమ్ముతాడు, నాలాగే దిగుతాడు. కాగితంలో తప్పు కొట్టేస్తే చాలదు, ఒప్పు రాయాలి, మా ఆఫీసులో అయినా అంతే అన్నాడు. ఏం రాయాలో మాత్రం ఆయనకీ తెలీదు.

డిసెంబరులో కోరల పున్నమి వచ్చింది. ఇంట్లో ఈ గోల భరించలేక త్రినాథరావు స్వయంగా లింగాలరేవు వెళ్లాడు. చీకటి పడ్డాక తిరిగొచ్చాడు, మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో, మొహం వెలిగిపోతూ. నాలుగున్నరకి దిగాడట, ఐదుకి కాస్త ముందు తిరిగి దాటాడట. అంగుళం తేడా లేదట.

“సూసావా? నువ్వు రాసిందే రైటు. ఆల కర్మ అది, మనమేటి సేత్తాం? మళ్లీ పెట్టీ” అన్నాడు. ఆ వాక్యం తీసేశాక చూసేవాళ్లు కూడా తగ్గారు, ఆ బాధ ఒకటి.

ఆ మాటకి కృష్ణవేణికి ప్రాణం లేచొచ్చినట్టయింది. తప్పు తనది కాదు! ఒక పూటంతా అలా హాయిగా గడిచింది. వాక్యాన్ని మళ్లీ కొట్టింది కూడా. ‘ఐదు వరకూ’ దాకా వచ్చాక వేలు ఆగిపోయింది. పెద్దాయన మాట చెవిలో పడింది, సెయ్యి నా సేతిలోనే ఉందనుకున్నాను అని. బావ చూసొచ్చింది నిజం, ఆ మనిషి మునిగింది నిజం. రెండు నిజాలు ఒకే ఏట్లో ఎలా ఇముడుతాయో తనే చూడాలనుకుంది.

వారం తర్వాత, బహుళ అష్టమి నాడు వెళ్లింది. నాలుగున్నరకి రేవులో నిలబడింది. వీడియోలో జనం నవ్వుకుంటూ నడిచిన చోట నీళ్లు నిండుగా, చప్పుడు లేకుండా, లోపలికి నెట్టుకొస్తున్నాయి. గడ కర్ర ఒకటి పాతి ఉంది మధ్యలో, దాని తల మాత్రం జానెడు కనపడుతోంది. అదే గడ కర్ర వీడియోలో నిలువెత్తున ఉంటుంది, దానికి పిల్లలు చేతులేసి నిలబడతారు. కృష్ణవేణి గట్టు మీద కూర్చుంది.

తవిటయ్య పడవ లాగి కట్టి, దగ్గరకొచ్చి కూర్చున్నాడు. అరవై ఏళ్లుంటాయి. ఐదింటికి నడిచి దాటొచ్చంటారే అని ఆమె అడిగితే ఎగాదిగా చూశాడు.

“గడియారానికీ ఏటికీ ఏటి సమ్మందం తల్లీ? పున్నానికీ అమాసకీ ఈ వేలకి పాటు, నీరు తీసీసుంటాది. అట్టమికి ఈ వేలకి పోటు. దినానికి రెండు గడియలు ఎనక్కి జరుగుతాది. గాలేత్తే అదీ మారుతాది. ఆ దినం ఆ దినమే సూడాల” అన్నాడు.

రెండు గడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. రోజూ అంత వెనక్కి జరిగే నీటికి తను ఐదు గంటలని మేకు కొట్టింది. చార్జీ సంగతి కూడా అడిగింది. పున్నమికి పడవ నిండా జనం, ఐదేసి తీసుకున్నా గిట్టుతుంది. ఉత్తి రోజుల్లో ఇద్దరికోసం పడవ తియ్యాలంటే పదిహేను, ఒక్కోసారి ఇరవై. మోసమేమీ లేదు. ఆ రోజు ఆ పెద్దాయన కాగితం చూపించాడమ్మా, నాకు సదువు రాదు, కాగితంతో ఏటి వాదించగలను అని తవిటయ్య తల పక్కకి తిప్పుకున్నాడు. అతనికీ నిద్ర లేదని కృష్ణవేణికి అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుంది. పేరులోంచి ‘పూర్తి వివరాలు, టైమింగ్స్, పడవ చార్జీ’ మొత్తం పీకేసి, ‘లింగాలరేవు యాత్ర: 2007 కార్తీక పౌర్ణమి నాడు చూసింది’ అని పెట్టింది. వెతికే మాటల్లోంచి కూడా టైమింగ్స్ తీసేసింది, మన దగ్గర లేని సరుకు బోర్డు మీద ఎందుకని. జనం ఏరు దాటే చోట, బొమ్మ మీదే కనపడేలా ‘ఇది పౌర్ణమి నాటి నీరు. మీరు వచ్చిన రోజు ఇలా ఉండకపోవచ్చు’ అని చీటీలా అతికించింది. అప్పట్లో కొత్తగా వచ్చింది ఆ సదుపాయం. కింద వివరంలో మొదటి వరసలోనే, కిందికి జరపకుండానే కనపడేలా ఇలా రాసింది:

‘ఏరు దాటే వేళ రోజూ మారుతుంది, నడవాలో పడవెక్కాలో ఇక్కడ చెప్పలేం. రేవులో పడవవాళ్లని ఆ రోజు అడగండి, వాళ్లు వద్దంటే దిగకండి. పడవ చార్జీ రద్దీని బట్టి మారుతుంది. దర్శనం వేళలు పండగలకి మారతాయి, గుడిలో అడగండి. ఐదు వరకూ నడవవచ్చని ఇక్కడ ఇంతకుముందు ఉండేది, అది తప్పు. వేరేచోట కనపడినా నమ్మకండి.’

త్రినాథరావు చదివి పెదవి విరిచాడు. ఏమీ తెలీదని చెప్పుకోవడానికి వీడియో ఎందుకన్నాడు. ఆమె మాత్రం ఒక్క అక్షరం మార్చలేదు. మంగళవారం అప్పలనరసింహం వచ్చి దాన్ని రెండుసార్లు చదివి, ప్రింటు తీసిమ్మన్నాడు. ఆ కాగితాన్ని పాతదాని పక్కనే జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన నెట్ సెంటర్‌కి రావడం మానేశాడు.

రాసింది తనేనని కృష్ణవేణి ఆ రోజూ చెప్పలేదు. వాక్యం మార్చడం తేలికైంది, నోరు తెరవడం కాలేదు. పీడ వదల్లేదు. ప్రతి పొద్దున్నా గుడి పేరు వెతికేది, రెండో వరసలో ఆ బ్లాగు కదలకుండా కూర్చుని ఉండేది. ఐదు వరకూ, ఐదు వరకూ.

రథసప్తమి నాడు ఆగలేకపోయింది. అరసవల్లికి పోయిన జనం కొంతమంది అటునుంచి లింగాలరేవు కూడా చూసుకుని పోతారు. సప్తమి, అంటే మధ్యాహ్నం పోటు. భోజనం కాగానే బస్సెక్కి మూడుకల్లా రేవులో దిగింది. గట్టు మీద, తవిటయ్య పడవ పక్కన, తెల్లచొక్కా కనపడింది. ఆయన ఇక్కడికి మారాడన్నమాట! వారానికి మూడ్రోజులు వస్తున్నాడని, జనం ఎవరైనా నీళ్లలోకి దిగబోతే లేచి వెళ్లి ఆపుతున్నాడని తవిటయ్య చెప్పాడు.

అంతలో రాయపూర్‌లో స్థిరపడిన మనవాళ్లు, మొగుడూ పెళ్లాం, ఆవిడ తల్లి, ముగ్గురు దిగారు. తవిటయ్య మనిషికి ఇరవై చెప్పాడు. మొగుడు నవ్వి, జేబులోంచి కాగితం తీశాడు. ఐదు రూపాయలని ఉందే అన్నాడు. ఐదింటి వరకూ నడవొచ్చని ఉందే అన్నాడు. గడియారం చూసుకుని ప్యాంటు మడవడం మొదలెట్టాడు. కృష్ణవేణికి అరవాలనిపించింది. ఆ ముసలావిడ అప్పటికే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

అప్పలనరసింహం లేచి వెళ్లాడు. తన జేబులోని పాత కాగితం తీసి, విప్పి, ఆ అబ్బాయి కాగితం పక్కన పట్టుకున్నాడు. ఒకటి కొత్తది, ఒకటి తడిసి ఆరింది. రెండింట్లోనూ అదే వాక్యం. అబ్బాయి రెండూ చదివి తలెత్తాడు.

“నానూ ఇలాగే ఇక్కడే నిలబడి సదివాను బాబూ. మా ఆవిడ పక్కనుంది” అన్నాడాయన.

ఆ తర్వాత ఎవరూ బేరమాడలేదు. ముసలావిడ చెప్పులు మళ్లీ తొడుక్కుంది. ముగ్గురూ పడవెక్కారు, తవిటయ్య గడ వేశాడు. ఆయన తన కాగితం, ఆ అబ్బాయి ఇచ్చేసి వెళ్లిన కాగితం చేతిలో పట్టుకుని, పడవనే చూస్తూ నిలబడ్డాడు. కృష్ణవేణి ఆయన పక్కకి వెళ్లింది. రెండు నెలలుగా దాచుకున్నది అప్పుడు బయటికి వచ్చింది.

“ఆ ముక్క రాసింది నేనేనండి” అంది.

ఆయన తిరిగి చూశాడు. జేబులోంచి మూడోది, ఆమె నెట్ సెంటర్లో ప్రింటు తీసిచ్చింది, బయటికి లాగాడు.

“మరి రేవులో అడగమని ఇందులో ఉందే, ఇదెవరు రాసారు?”

“అదీ నేనేనండి.”

ఆయన దాన్ని మళ్లీ ఒకసారి, వేలు పెట్టి, మొదటి వరస చదువుకున్నాడు.

“ఇదే ముందు రాసుంటే సరిపోయేది కదమ్మా” అన్నాడు.

పడవ అవతలి గట్టుకి చేరేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.